మంచం కాలు

ఇంటర్ చదువుతూ విజయనగరంలో హాస్టల్లో ఉండేవాణ్ని. మాది సముద్రం ఒడ్డున భావనపాడు. మా అమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి, నా బటన్ ఫోన్లో ఎంత కష్టమైనా మెసేజీ తెలుగులోనే కొట్టేవాణ్ని.

ఒక సాయంత్రం ఇలా రాశాను: "అమ్మా, రాత్రి మంచం మీద గెంతితే కాలు విరిగిపోయింది. కట్టు కట్టాం. మంచం కాలే, నాకేం కాలేదు. భయపడకు."

పంపు నొక్కానో లేదో, వెనకనుంచి వార్డెన్ వచ్చి ఫోన్ లాక్కున్నాడు. స్టడీ అవర్లో ఫోనేంటని స్విచ్చాఫ్ చేసి, ఆదివారం దాకా ఇవ్వనని జేబులో వేసుకున్నాడు.

తెలుగు మెసేజీలో గుణింతం గుర్తూ, ఒత్తూ, ఖాళీ అన్నీ లెక్కే. డెబ్బై దాటితే ఫోన్ దాన్ని ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి పంపుతుంది. ముక్కల్ని అతికే గుర్తులకు కూడా కొంత చోటు పోతుంది. నా మొదటి ముక్క వెళ్లిపోయింది. రెండోది వెళ్లేలోపే ఫోన్ ఆగిపోయింది. అమ్మ ఫోన్ వచ్చినంతవరకే చూపించింది: "అమ్మా, రాత్రి మంచం మీద గెంతితే కాలు విరిగిపోయింది. కట్టు కట్టాం. మం".

"మం అంటే మందులే! మందులని రాయబోయి పడిపోయినాడు నా కొడుకు!" అని అమ్మ గొల్లుమంది. నాకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వార్డెన్ నంబరు ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.

మర్నాడు నేను హాస్టల్ మైదానంలో కబడ్డీ ఆడుతున్నాను. కూత పెట్టి అవతలి గీత మీదికి దూకుతుంటే, గేటు దగ్గర మా మావ కనిపించాడు. ఆయన చంకలో ఎవరినో అడిగి తెచ్చిన చంకకర్రలు. పక్కన అమ్మ, చేతిలో ఎండుచేపల సంచి. కూత ఆగిపోయింది. అవతలివాళ్లు నన్ను పట్టేశారు.

"ఒరే, నీ కాలేదిరా?" అంది అమ్మ.

"ఇదిగో, రెండూ ఉన్నాయమ్మా!"

అమ్మ నా మోకాళ్లు నొక్కి చూసింది. మావ కర్రలు కింద పెట్టి, "బస్సులో వీటి వల్ల అందరూ నాకే సీటిచ్చినారు. సిగ్గు సిగ్గుగా కుంటుకుంటూ దిగినాను," అన్నాడు.

వార్డెన్ను బతిమాలి ఫోన్ తెచ్చుకున్నాను. ఆన్ చేస్తే, మెసేజీ వెళ్లలేదని తెరమీద ఉంది. మళ్లీ పంపమని నొక్కాను. అమ్మ కొంగుముడిలోని ఫోన్ కుయ్‌మంది. అమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

"మంచానికి కాలేట్రా? కోడంటారు! కోడు విరిగిందని రాసుంటే ఇంట్లోనే కూసుందును కదా!"

"హాస్టల్లో అందరూ కాలే అంటారమ్మా."

"అంటారు. కోడు కూడా రాదు, నీకు ఇంటరేటి!"

చుట్టూ చేరిన పిల్లలు నవ్వుతుంటే, వార్డెన్ గంభీరంగా, "ఇంతకీ ఆ మంచం ఎక్కడ?" అన్నాడు.

అందరం గదికి వెళ్లాం. మా మావ ఆ మంచం పక్కన గొంతుక్కూర్చుని మేం కట్టిన కట్టు విప్పేశాడు. పడవ తాళ్లు కట్టినట్టు గట్టిగా బిగించి, పైన కూర్చుని ఊగి చూశాడు. అమ్మ అప్పటికే సంచి విప్పి, వార్డెన్ గారికి ఎండుచేపలు వండే పద్ధతి చెబుతోంది.