ఏ వాయిదాకు ఆ తేదీ

గుంటూరులో మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు రాశాను. రైతు తన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, లోపల పెట్టి, ధర వచ్చేదాకా వాటి మీద విడతలుగా అప్పు తీసుకునేవాడు: వేసవిలో కొంత, తొలకరికి కొంత, పిల్లల ఫీజులకు కొంత. ఏ విడతకు ఆ విడత తేదీ నుంచే వడ్డీ లెక్క కట్టాలి. అన్నిటినీ కలిపి మొదటి తేదీ నుంచి లెక్కేస్తే రైతు కాలర్ పట్టుకుంటాడు, పట్టుకోవాలి కూడా. ఈ పాఠం నా బావమరిదికి కూడా నేనే నేర్పాను. అతణ్ణి నాకు సహాయకుడిగా పెట్టించాను. నాలుగేళ్లు నా పక్క కుర్చీలో కూర్చుని ఇదే పని చేశాడు. తరువాత పొదుపు పథకాల ఏజెంటయ్యాడు.

పొదిలిలో ఉండే మా చెల్లెలు భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతోంది. నా బావమరిది మాట మీద నెలకు ఐదు వేల చొప్పున పదేళ్లు ఒక పథకంలో కట్టింది. ఈ వేసవిలో దాని గడువు ముగిసింది. అతడు అలాంటిదే మరో పదేళ్ల పథకం కాగితాలు పట్టుకొచ్చాడు. చెల్లెలికి అరవై దాటాయి. కట్టవలసినది మళ్లీ నెలకు ఐదు వేలే. మందులకూ తిండికీ పోగా ఆమెకు మిగిలేదంతా అదే. సంతకం చేసే ముందు నన్ను రమ్మంది.

నేను వెళ్లేసరికి అతడు మంచం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"కట్టింది ఆరు లక్షలు, వచ్చింది ఏడు లక్షల తొంభై రెండు వేలు. నూటికి ముప్పై రెండు, వదినా! ఇప్పుడు పోస్టాఫీసులో నెల నెలా ఐదేళ్లు కడితే వచ్చేది నూటికి పందొమ్మిదే. ముప్పై రెండు పెద్దదా, పందొమ్మిది పెద్దదా?"

"అన్నయ్యా, ముప్పై రెండే కదా పెద్దది?" అంది చెల్లెలు. అంతలోనే అనుమానం వచ్చినట్టు, "అయినా పదేళ్లకు ముప్పై రెండంటే, ఏడాదికి మూడేనా?" అంది.

"అదీ తప్పేనమ్మా" అన్నాను. మోసగాడి లెక్కనైనా తక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు. "నువ్వు ఆరు లక్షలూ మొదటి రోజే ఇవ్వలేదు. మొదటి ఐదు వేలు పదేళ్లు ఉన్నాయి, చివరి ఐదు వేలు ఒక్క నెలే ఉన్నాయి. సరాసరిన నీ డబ్బు అక్కడ ఉన్నది ఐదేళ్లు. పోస్టాఫీసులో అయితే రెండున్నరేళ్లే."

కాగితం తీసుకున్నాను. ఒక్కొక్క వాయిదానూ దాని తేదీ నుంచి గడువు దాకా ఒకే వార్షిక రేటున చక్రవడ్డీతో పెంచి, అన్నీ కలిపితే చేతికొచ్చిన మొత్తం రావాలి. అలా వచ్చే రేటే అసలు రాబడి. ఆరు శాతం పెట్టి చూస్తే మొత్తం ఎక్కువైంది. ఐదు పెడితే తక్కువైంది. ఐదుంపావుకూ ఐదున్నరకూ మధ్య వెతికితే ఐదు పాయింట్ నాలుగు దగ్గర సరిపోయింది. పోస్టాఫీసుది ఏడుకు కొంచెం తక్కువగా తేలింది. చిన్నదిగా కనబడిన పందొమ్మిదే నిజానికి పెద్దది.

చెల్లెలు రెండు అంకెల వైపూ చూసి, "మరి ఈ అబ్బాయికి ఇది తెలియదా?" అంది.

అతడు ఫోను చూసుకుంటున్నాడు.

"ఏరా, టిక్కీల మీద అప్పులకు నువ్వు వడ్డీ ఎలా లెక్క కట్టేవాడివి?"

"అది రైతుల దగ్గర వసూలు చేసే వడ్డీ, బావా. ఇది పథకం. కంపెనీ ఇచ్చిన కాగితంలో ముప్పై రెండనే ఉంది. అందరూ అలాగే చెబుతారు."

"నిన్ను అందరిలో ఒకడిగానా నేను తయారు చేసింది?"

"నేనేం అబద్ధమాడలేదు బావా. ముప్పై రెండు వచ్చిన మాట నిజమే కదా?"

నన్ను మండించింది ఆ మాటే. అంకె నిజమే. దాన్ని పందొమ్మిది పక్కన నిలబెట్టడంలో ఉంది మోసం. తెలియని ఏజెంటు చెప్పి ఉంటే నవ్వుకుని లేచి వచ్చేసేవాణ్ణి. వీడికి తెలుసు. ఒక్క రోజు వడ్డీ తేడా వచ్చిందని మిర్చి ఘాటులో తుమ్ముతూ పుస్తకమంతా మళ్లీ కూడినవాడు. ఆ చదువును రైతు అప్పు దగ్గర వాడాడు, మా చెల్లెలి పొదుపు దగ్గర మాత్రం అటకెక్కించాడు.

చెల్లెలు లేచింది. లోపలికి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చి అతని ముందు పెట్టింది. సంతకానికి తెరిచి ఉంచిన కాగితాలు మడిచి, అతని సంచిలోనే పెట్టింది.

"తాగి వెళ్లబ్బాయ్, ఎండగా ఉంది" అంది. తరువాత నా వైపు తిరిగి, "పోస్టాఫీసు ఎన్నింటిదాకా తీసుంటుంది అన్నయ్యా?" అని అడిగింది.