గుండుసూది చేసిన ఏడు కార్డులు

మా నీటి సరఫరా కార్యాలయంలో స్టెనో గారిని అందరం గుండుసూది అనేవాళ్ళం. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. సన్నగా, నిటారుగా ఉండేది. ఎటునుంచి తాకినా గుచ్చుకునేది. ఉద్యోగంలో ముప్పై ఒక్క ఏళ్ళు గడిచాయి, పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళున్నాయి. భర్తతో ఎప్పుడో తెగతెంపులు చేసుకొని, అక్కగారింటి మేడ మీద గదిలో ఉండేది. ఆ అక్కతో కూడా నాలుగేళ్ళుగా మాటల్లేవు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ గోడవైపు చూసుకుంటూ దాటిపోయేవారట. ఈ సంగతి ఆమే ఒకసారి నాకు చెప్పింది, వాతావరణం గురించి చెప్పినట్టు.

నేను అక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌ని. గొట్టాల మ్యాపులు గీయడం నా పని. మా బల్లల మధ్య ఒక ఇనప బీరువా అడ్డం. అందుకే జరిగినదంతా నాకు వినిపించింది, చాలావరకు కనిపించింది.

ఆ వేసవిలో పాతపేటలో తాగునీటిలో మురుగు కలిసింది. నలభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, అందులో పిల్లలే ఎక్కువ. జనానికి సంజాయిషీ చెప్పడానికి ఒక సభ పెట్టారు. మాట్లాడవలసినవాడు మా ఇంజనీరు. మనిషి పనిలో దిట్టే కానీ, నలుగురిలో నిలబడితే నీళ్ళు నమిలేవాడు. ఆయన కోసం పౌరసంబంధాల అధికారి ఆరు పేజీల ప్రసంగం రాశాడు. ఆ అధికారిని మేం పీఆర్వో అనేవాళ్ళం.

టైపు చేసేటప్పుడే గుండుసూది అన్నది. "ఇది ఫైల్లో పెట్టుకోవడానికి రాసింది. నోటితో చెప్పడానికి కాదు."

"మిమ్మల్ని అభిప్రాయం అడగలేదు మేడమ్. టైపు చెయ్యడం మీ పని," అన్నాడు పీఆర్వో.

ఆమె అక్షరం పొల్లు పోకుండా చేసింది. పేజీలు పెంచవద్దని ఆయనే అన్నాడు కాబట్టి వరసలు దగ్గరదగ్గరగా, అక్షరాలు చిన్నగా, మూలన పిన్ను కొట్టి ఇచ్చింది.

సభలో ఇంజనీరు తల దించిన మనిషి మళ్ళీ ఎత్తలేదు. "సదరు ప్రాంత వినియోగదారుల ఆరోగ్య పరిరక్షణ నిమిత్తం శాఖ తీసుకొనుచున్న చర్యలను తెలియజేయుటకు" అని మొదలుపెట్టి, పద్యం అప్పజెప్పినట్టు ఒకే గొంతుతో చదువుకుంటూ పోయాడు. మూడో పేజీలో ఎవరో గట్టిగా దగ్గితే ఒక్కసారి తలెత్తాడు. మళ్ళీ దించేసరికి ఎక్కడ ఆగాడో దొరకలేదు. ఆ నల్లటి వరసల్లో వెతుక్కొని, చదివిన పేరానే మళ్ళీ చదివాడు. వెనక వరసలో ఒకతను తరవాతి మాట ముందే అందించాడు. జనం నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

అప్పుడు ముందు వరసలోనుంచి ఒకామె లేచింది. ఆ పేటలో బట్టలు కుట్టే టైలరమ్మ. ఆమె కూతురు ఆరు రోజులుగా ఆసుపత్రిలో ఉంది.

"సార్, ఆ కాగితాలు ఇటివ్వండి. మేం ఇంటికెళ్ళి చదువుకుంటాం. దీనికి మీరు రావడం ఎందుకు?"

సభ అక్కడితో ముగిసింది. బయట మా జీపు అద్దం ఒకటి పగిలింది.

మర్నాడు గుండుసూదికి మెమో వచ్చింది. అక్షరాలు చదవడానికి వీలుగా లేనందున అధికారికి అసౌకర్యం కలిగినదని అందులో ఉంది. సంతకం పీఆర్వోది. ఆమె ఆ పూటే జవాబు రాసింది. "లోపం అక్షరాలలో లేదు. చేతిలో పూర్తి వాక్యాలు పెడితే మనిషి వాటినే చదువుతాడు. గుర్తు చేసే మాటలు మాత్రమే ఇస్తే మాట్లాడతాడు." నకలు ఇంజనీరుకు కూడా పంపింది.

ఇంజనీరు ఆ కాగితం పట్టుకొని వచ్చి ఆమె బల్ల మీద పడేశాడు.

"తొమ్మిది రోజుల్లో మళ్ళీ సభ ఉంది. అంత తెలిసినదానివైతే నువ్వే చెయ్యి."

"నువ్వు అంటే చెయ్యను. మీరు అంటే చేస్తాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "చెయ్యండి," అన్నాడు.

ఆమె అట్ట కార్డులు కోసి, ఒక్కో కార్డు మీద ఒక్కో విషయానికి రెండు మూడు మాటలు పెద్ద అక్షరాలతో రాసింది. చూడటానికి బాగానే ఉన్నాయి. ఇంజనీరు గదిలో నిలబడి మొదటిది తీశాడు. దాని మీద "జరిగిన నిర్లక్ష్యం" అని ఉంది.

"ఇదేమిటి? ఇక్కడ నేనేం చెప్పాలి?"

"మీకే తెలియాలి."

"ఇది మీ మాట. నా నోట్లో ఈ మాట ఎప్పుడైనా విన్నారా? ఇది చూస్తే నాకేం గుర్తొస్తుంది, మీ ముఖం తప్ప?"

కార్డులు నేల మీదికి విసిరాడు. ఆమె వంగి ఏరలేదు. తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చొని, చాలాసేపు పెన్సిలు చెక్కింది. నాతో అన్నట్టో తనతో అన్నట్టో, "ఈసారికి ఆయన చెప్పిందే నిజం," అన్నది. ఆమె నోట ఎదుటివాడిది ఒప్పని నేను విన్నది అదొక్కసారే.

మర్నాడు షార్ట్‌హాండ్ పుస్తకం తీసుకొని ఇంజనీరు గదికి వెళ్ళింది. నన్ను కూడా మ్యాపుతో రమ్మన్నది.

"సార్, ఏమీ చూడకుండా, అసలేం జరిగిందో ఈయనకు చెప్పండి. నేనిక్కడ లేననుకోండి."

ఆయన విసుగ్గా మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో విసుగు కోపమైంది, ఆ కోపంలో మాటలు వాటంతట అవే వచ్చాయి. పాతపేటలో ఒక మెకానిక్ షెడ్డు ముందు తవ్వించిన గోతిలో తనే దిగాడట. తాగునీటి గొట్టం, మురుగు గొట్టం జానెడు దూరంలో పోతున్నాయట. కీలు దగ్గర రబ్బరు రింగు పుచ్చిపోయి చేతిలో పొడిపొడిగా రాలిందట. "నీళ్ళు వదిలినంతసేపూ బయటికే కారుతుంది. సరఫరా ఆపితే లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు గొట్టం బయట ఉన్న మురుగును లోపలికి పీలుస్తుంది, స్ట్రా పెట్టి తాగినట్టు." చెప్తూ చెప్తూ మ్యాపు మీద వేలితో గుద్దాడు. "మొదటి ఫిర్యాదు నాలుగో తేదీన వచ్చింది. నేను తవ్వించింది పంతొమ్మిదిన. ఇది సభలో చెప్పేది కాదు."

ఆమె పెన్సిలు ఆగలేదు.

రెండోసారి చేసినవి ఏడు కార్డులు. వాటి మీద ఉన్నవన్నీ ఆయన మాటలే. "గోతిలో దిగాను." "జానెడు దూరం." "రింగు పొడి." "స్ట్రా." ఒక కార్డుకు ఒకటే సంగతి. ఏ సంగతీ రెండో కార్డులోకి పాకదు. రాత పైన రెండు వంతుల్లోనే ఉంది, కింది వంతు ఖాళీ. కళ్ళు మరీ కిందికి దిగితే జనానికి నడినెత్తే కనిపిస్తుందని ఆమె లెక్క. తేదీలు, రోగుల సంఖ్య, కొత్త గొట్టం పొడవు మాత్రం ఎర్ర సిరాతో పూర్తిగా రాసింది. "వీటిని జ్ఞాపకానికి వదలకూడదు, తప్పితే పట్టుకుంటారు." మొదటి వాక్యం, ఆఖరి వాక్యం కూడా పూర్తిగా ఉన్నాయి. కాళ్ళు వణికేది ఆ రెండు చోట్లేనట. మ్యాపు చూపించవలసిన చోట నీలం గీత. పిన్ను కొట్టలేదు. చదివిన కార్డును చప్పుడు లేకుండా పక్కకు జరపాలి. చెదిరితే సర్దుకోవడానికి మూలన అంకె వేసింది.

నాలుగు రోజులు వాటితోనే చెప్పించింది. ప్రతిసారీ మాటలు మారేవి, సంగతి మారేది కాదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఒళ్ళుమంట తగ్గలేదు. "స్ట్రా దగ్గర నత్తి వస్తోంది," అని ఆమె, "నీళ్ళు తాగనివ్వండి," అని ఆయన.

పీఆర్వో మాత్రం ఊరుకోలేదు. "రాసింది చదివితే శాఖ మాట్లాడినట్టు. ఇలా నోటికొచ్చింది చెప్తే రేపు కోర్టులో ఒక్కో మాటకీ మీరే జవాబుదారీ," అని ఇంజనీరుకు నూరిపోశాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

సభ రోజు మధ్యాహ్నం ఇంజనీరు కార్డులను బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మ్యాపు చుట్టడానికి నేను, ఏదో ఫైలు కోసం ఆమె ఆ గదిలో ఉన్నాం. ఆమె పై కార్డు చూసి ఆగిపోయింది. ఖాళీగా వదిలిన చోటల్లా సన్నటి పెన్సిలుతో, చీమల బారుల్లా, పీఆర్వో ప్రసంగంలోని వాక్యాలు నిండి ఉన్నాయి. భయం పట్టి ఆయనే రాసుకున్నాడు. పెద్ద అక్షరాలు ఆ బారుల మధ్య మునిగిపోయాయి.

ఆమె సంచిలోనుంచి, ముందే రాసి ఉంచుకున్న ఇంకో ఏడు కార్డులు తీసింది. శుభ్రంగా ఉన్నవి. పాతవి తీసి అవి పెట్టింది. నావైపు చూసింది. నేను మ్యాపు చుట్టుకుంటూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. పోయినసారి కూర్చున్నవాళ్ళు ఈసారి నిలబడి ఉన్నారు. ఇంజనీరు మైకు ముందుకు వెళ్ళి మొదటి కార్డు చూశాడు. రెండోది తిప్పాడు, మూడోది తిప్పాడు. తలెత్తి నేరుగా హాలు చివర గోడకు ఆనుకొని ఉన్న గుండుసూదిని చూశాడు. అలాంటి చూపు నేను మళ్ళీ చూడలేదు.

"చదువు సార్, చదువు," అని ఎవరో ఎగతాళి చేశారు.

ఆయన చదవలేదు. చదవడానికేమీ లేదు. మొదటి వాక్యం చెప్పాడు, కార్డు జరిపాడు. "గోతిలో నేనే దిగాను," అన్నాడు. ఆ తరవాత గొంతు దానంతటదే దారి పట్టింది. జానెడు దూరం చేత్తో చూపించాడు. స్ట్రా మాట వచ్చినప్పుడు హాల్లో ఒక్క సవ్వడి లేదు. ఆపైన టైలరమ్మ లేచింది.

"మేం ఎప్పుడు చెప్పాం, మీరెప్పుడు వచ్చారు?"

తేదీలు కార్డు మీద ఎర్రగా ఉన్నాయి. నాలుగు, పంతొమ్మిది. వాటిని అక్కడ రాసి పెట్టింది గుండుసూదే. రాయమని ఆయన అనలేదు. ఆయన వాటిని దాటవేసి ఉండవచ్చు. కానీ టైలరమ్మ కళ్ళలోకి చూస్తూ నిలబడ్డ మనిషికి దాక్కోవడానికి ఒక్క వాక్యమైనా లేదు.

"నాలుగున చెప్పారు. పంతొమ్మిదిన తవ్వాను. పదిహేను రోజులు నాదే ఆలస్యం."

అరుపులు మిన్నంటాయి. ఒకతను కుర్చీ ఎత్తాడు. అయినా ఎవరూ వెళ్ళిపోలేదు. గంటన్నరసేపు తిడుతూనే ఆయన చెప్పిందంతా విన్నారు. కొత్త గొట్టం వేసే తేదీ అందరి ముందు ఒప్పుకోక తప్పలేదు.

గొట్టం ఆ తేదీకే మారింది. ఇంజనీరు మీద శాఖాపరమైన విచారణ జరిగింది. ఆయన నోటి మాటే ఆయన మీద సాక్ష్యమైంది. రెండు ఇంక్రిమెంట్లు కోసి దూరపు పంపింగ్ స్టేషనుకు వేశారు. వెళ్ళే ముందు రోజు బీరువా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నా కార్డులు మార్చే హక్కు మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"అడిగి ఉండవచ్చు."

"అడిగితే వద్దనేవారు."

"వద్దనడం నా ఇష్టం. నా ఉద్యోగం, నా నోరు."

ఆయన చేతిలో ఫైలును కావాలనే నేల మీద పడేసి వెళ్ళిపోయాడు.

ఆమెను కూడా వదల్లేదు. రికార్డు గదికి మార్చారు, కిటికీ లేని గది. మిగిలిన రెండేళ్ళూ అక్కడే పనిచేసింది. ఒకసారి నేను పాత మ్యాపు కోసం వెళ్ళినప్పుడు అడిగాను, చేసింది సరేనంటారా అని.

"సభకు సరైనదే," అన్నది. "ఆయనకు కాదు." ఫైలు మీది దుమ్ము దులుపుతూ, "మీరు చూసి కూడా నోరు మూసుకున్నారు. మీరేం చెప్పుకుంటారో మీరు చూసుకోండి," అన్నది.

మ్యాపు చుట్టుకుంటూ బయటికి వచ్చేశాను.