అప్పలస్వామి మేస్త్రి అరుగు

అప్పలస్వామి మేస్త్రికి బోర్డు లేదు, కార్డు లేదు. నరసన్నపేట చుట్టుపక్కల ఇల్లు కట్టించుకోదలచినవాళ్ళు ముందుగా వచ్చి ఆయన ఇల్లు చూస్తారు. గోడకు అరచెయ్యి ఆనిస్తారు. పొడిగా ఉంటే పని ఆయనకే.

పొడిగా ఎందుకుంటుందో ఎవరూ అడగకపోయినా ఆయనే చెబుతాడు. నేలలోని చెమ్మ ఇటుకల వెంట పైకి పాకుతుంది కాబట్టి, పునాది పూర్తయ్యాక దాని మీద నీరు చొరనివ్వని మందు కలిపిన సిమెంటు పట్టీ వేస్తాడు. దాన్ని దాటి చెమ్మ పైకి రాలేదు. ఇది చెప్పేటప్పుడు భార్య సూర్యకాంతం పక్కనుంటే, "నీకేటి తెలుసులే సిమెంటు సంగతి" అని ఒక మాట ఆమెకూ వడ్డిస్తాడు. ఆమె ఏమీ అడిగి ఉండదు పాపం.

ఈ వేసవిలో మేస్త్రి వీధి గోడకు ఆనించి ఒక అరుగు కట్టుకున్నాడు. ఒప్పుకోవాలి, చక్కటి అరుగు. అరుగూ గోడా ఎక్కడ కలిశాయో కనపడకూడదని రెండింటినీ కలిపి ఒకటే పూత పూశాడు. సాయంత్రాలు దాని మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు మెచ్చుకునేదాకా కదిలేవాడు కాదు.

వానలు పడ్డాక లోపలి గదిలో ఆ గోడకు రంగు ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడిలా రాలింది. మేస్త్రి మళ్ళీ రంగు వేశాడు. మళ్ళీ ఉబ్బింది. ఆ గోడకు అడ్డంగా బీరువా జరిపాడు. బీరువా ఆగింది గానీ చెమ్మ ఆగలేదు. గురువారం నాడు పేటలో బట్టల కొట్టు నారాయణమూర్తి గారు ఇల్లు చూడటానికి వస్తున్నారు. ఆయన చెయ్యి ఈ గోడ మీద పడిందంటే మేస్త్రి పేరు జిల్లా దాటిపోతుంది.

"సిలాబు కారతన్నాది" అని తేల్చి, నాచేత నిచ్చెన పట్టించి డాబా ఎక్కాడు. నేను పక్కింటివాణ్ణి, హైస్కూల్లో సైన్సు చెబుతాను. "కప్పు కారితే పైనుంచి తడవాలి కదా, ఇది కిందినుంచి వస్తోంది" అన్నాను. ఆయన నన్ను సూర్యకాంతం జాబితాలో చేర్చేశాడు.

సూర్యకాంతం అప్పుడు పెరట్లో బట్టలుతుకుతోంది. బకెట్టు అంచు మీద వేసిన తువ్వాలు ఒక కొస నీళ్ళలో ఉంది, రెండో కొస బయట కిందికి వేలాడుతూ చుక్కలు కారుస్తోంది.

"మావా, ఇలా సూడు. బకెట్టు అంచు దాటి నీరెలా వచ్చింది? తువ్వాలు పట్టుకుని ఎక్కీసింది. నీ పట్టీ ఆ అంచు. నీ అరుగు ఈ తువ్వాలు."

"అరుగు గుడ్డా ఏటే? ఇటుకా సిమెంటూనూ."

ఆమె వాదించలేదు. ఎండిన ఇటుకను పళ్ళెంలో నిలబెట్టి అడుగున నీళ్ళు పోసింది. మేము టీ తాగేలోపు తడి నల్లగా ఇటుక మీదికి పాకింది.

నాకిక ఆగలేదు. ఇటుకలో కంటికి కనపడని సందులుంటాయని, నీరు వాటి గోడలను అంటుకుంటుందని, పైన బిగుసుకుని ఉండే నీటి పొర తన వెనకున్న నీటిని లాక్కుంటుందని, సందు ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందని చెప్పాను. తలతన్యత అన్న మాట కూడా వాడాను. ఎవరూ వినలేదు. మేస్త్రి బయటికి వెళ్ళి అరుగునే చూస్తున్నాడు. అది మట్టిలో మొదలై, పట్టీకి జానెడు పైదాకా గోడను కావలించుకుని ఉంది. లోపల మరక సరిగ్గా అరుగు పొడవునే ఉంది.

గురువారం నారాయణమూర్తి గారు దిగేసరికి మేస్త్రి గునపంతో అరుగు పగలగొడుతున్నాడు. గోడ ఇంకా తడిగానే ఉంది. ఆరాలంటే నెలలు పడుతుంది. బీరువా పక్కకు జరిపి ఉంది. ఆయన లోపలికి వచ్చి చెయ్యి పెట్టనే పెట్టారు.

"ఇదేటి మేస్త్రీ, చెమ్మ?"

"అరుగు గోడకి అతికీసినాను బాబూ. నేల నీరు పట్టీని సుట్టుకుని దాని మీంచి వచ్చీసింది. ఈపాలి గోడకి అంటకుండా రెండు వేళ్ళ సందు వదిలి కడతాను. సందు సన్నగుంటేనే నీరెక్కుతాది, అంత ఎడముంటే ఎక్కనేదు."

నారాయణమూర్తి గారు విరిగిన అరుగు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "మా ఇంటికీ అలాగే సందు వదిలి కట్టు. ముగ్గురు మేస్త్రీల ఇళ్ళు చూశాను, ఎవరికి వాళ్ళు తమ గోడలో తప్పే లేదన్నారు. ఇంతకీ ఇది ఎలా పట్టావు?"

మేస్త్రి గునపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నాను పట్టనేదు బాబూ. మా సూర్యకాంతం పట్టింది."

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సూర్యకాంతం కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. కానీ ఆమెను మీరు ఎరగరు.

"ఏటన్నావు మావా? సరిగ్గా ఇనపడనేదు. మరోపాలి సెప్పు" అంది.