గ్లాసు కింద గంధం

తిరువళ్లూరులో నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. నా పనిని నేనే అసహ్యించుకున్న రోజు ఒకటుంది.

ఆయుధపూజ మర్నాడు. పాండూరు నుంచి జాకెట్లు కుట్టే అక్క వచ్చింది. ఆమె ఫోను తెర దానంతటదే నొక్కుకుంటోంది. పై మూల ఏదో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆమె వేలికి మాత్రం పలకదు.

"దయ్యం పట్టినట్టుంది తమ్ముడూ. శుక్రవారం పెండ్లి జాకెట్లు ఈయాల. కొలతలన్నీ దీంట్లోనే ఫోటో తీసి పెట్టినాను."

వింటూనే ఉన్నాను. బుర్రకెక్కించుకోలేదు. నలుగురు నిలబడి ఉన్నారు. సాయంత్రం రమ్మని ఆమెను పంపేశాను. సాఫ్ట్‌వేర్ తప్పని తేల్చేసి, తెర పలకదు కాబట్టి పక్క బటన్లు నొక్కి మొత్తం చెరిపేశాను. వద్దనుకుంటే ఆగడానికి ఒక హెచ్చరిక కూడా వచ్చింది. చదివి మరీ ఒప్పుకున్నాను, ఛీ.

ఫోను కొత్తదానిలా లేచి, భాష ఎంచుకోమంది. నేను ముట్టకముందే అదే మూల మళ్లీ నొక్కుకుంది.

ఆమె వేసుకున్న యాప్ ఒక్కటీ లేని ఫోను అది. అయినా అదే మూల! తప్పు యాప్‌లది కాదు, తెర దగ్గరే ఉంది. వేసిన యాప్‌లను ఆపి తెరిచే సేఫ్ మోడ్‌లో ముందే చూసుంటే, ఏదీ చెరపకుండా ఐదు నిమిషాల్లో ఇదే తెలిసేది.

పైన అంటించిన గ్లాసు పీకాను. ఆ మూలన అంచు కింద తడి గంధం, కుంకుమ. పూజలో మిషనుకు, కత్తెరకు పెట్టినట్టే ఫోనుకూ బొట్టు పెట్టింది. ఆ తడినే తెర వేలనుకుంది. గుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. చక్కగా పలికింది.

సాయంత్రం ఆమె వచ్చి ఫోటోల కోసం వెతికింది.

"యాడ పోయినాయి తమ్ముడూ?"

"సాఫ్ట్‌వేర్ పోయింది అక్కా. చెరపక తప్పలేదు."

"నేను బొట్టు పెట్టినందుకా?"

చెత్తబుట్టలో ఆ ఎర్రటి గ్లాసు ఉంది. ఔనంటే నా నిర్వాకం బయటపడుతుంది.

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా."

"అమ్మయ్య, దేవుడి బొట్టును అనుమానించినాను. నువ్వు చల్లగుండాల" అని, కొలత జాకెట్లు మళ్లీ అడుగుతూ ఇల్లిల్లూ తిరగడానికి వెళ్లింది.

ఈ ఏడు మళ్లీ వచ్చింది. అదే మూల, అదే ఎరుపు.

"మళ్లా సాఫ్ట్‌వేరే పోయినట్టుంది. చెరిపేయి తమ్ముడూ. ఈతూరి కొలతలు నోటుబుక్కులో రాసుకున్నాను" అంది.

బొట్టు మాత్రం మానలేదు. సంబంధం లేదని చెప్పింది నేనే కదా!