ఆరు సెకన్ల ఆలస్యం

కార్ఖానా ఏరియాలో మా ఆఫీసు మూడో అంతస్తు. మీటింగ్ హాల్లో ఏసీ పెట్టాక కిటికీలకు మేకులు కొట్టేశారు. మేనేజరు మాట్లాడుతుంటే ఆ మాటల్ని తెరమీద అక్షరాలుగా చూపించే సాఫ్ట్‌వేర్‌ను నడిపేది నేనే. అదంతా ఒక్కరి కోసం. టెస్టింగ్ టీమ్‌లో ఉన్న ఒక అమ్మాయికి ఏదో జ్వరంతో వినికిడి పోయింది. మాట మాత్రం చక్కగా వస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్ మాట విన్న వెంటనే ఒక ఊహ రాస్తుంది. తర్వాతి మాటలు వినేకొద్దీ దాన్ని దిద్దుకుంటుంది. వెంటనే చూపిస్తే తప్పులు కనిపిస్తాయి, కళ్లముందే మారిపోతుంటాయి. కాసేపు ఆగి చూపిస్తే తగ్గుతాయి. ఎంతసేపు ఆగాలన్నది నేను పెట్టే అంకె. మొదటి మీటింగ్‌లో తెరమీది తప్పులు చూసి అందరూ నవ్వారు, మేనేజరు నాకు చీవాట్లు పెట్టాడు. పౌరుషం వచ్చి అంకెను ఆరు సెకన్లకు పెంచేశాను. ఆ తర్వాత తప్పులు దాదాపు పోయాయి. మెచ్చుకున్నారు, పొంగిపోయాను.

మేనేజరుకో అలవాటు ఉండేది. ఏదైనా ప్రకటించి, "ఎవరికైనా ప్రాబ్లమా?" అని అడిగి, పెన్నుతో బల్లమీద రెండుసార్లు కొట్టేవాడు. ఆలోగా చెయ్యి లేవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

ఒకరోజు గచ్చిబౌలి ఆఫీసుకు మారేవాళ్లలో ఆమె పేరు చదివాడు. ఆమె ఇల్లు గచ్చిబౌలికి ఊరి అవతలి చివర, మౌలాలిలో. ఆరింటికల్లా క్రెష్ నుంచి పాపను తీసుకెళ్లాలి. ఆ సంగతి నాకు తెలుసు. పెన్ను చప్పుడైంది. తెరమీద ఇంకా అంతకుముందు వాక్యమే ఉంది. అంకె మార్చాలంటే సాఫ్ట్‌వేర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, అప్పుడు ఉన్న మాటలూ పోతాయి. నేనే చెయ్యెత్తి చెప్పొచ్చు. నా అంకె వల్లే అని తెలిసిపోతుందన్న భయంతో కుర్చీకి అతుక్కుపోయాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

పేరు తెరమీదకి వచ్చేసరికి మేనేజరు క్యాంటీన్ విషయంలోకి వెళ్లిపోయాడు. ఆమె చెయ్యెత్తింది. క్యాంటీన్ గురించే అనుకుని, తర్వాత అన్నట్టు సైగ చేశాడు. మీటింగ్ అయ్యాక ఆమె వెళ్లి అడిగితే, లిస్టు పంపేశానని, అప్పుడే చెప్పాల్సిందని కాగితం మీద రాసిచ్చాడట.

ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, తప్పులొస్తే నేను అందాజుగ సమజ్ చేసుకుంటుంటి. గింత లేటొస్తే ఏం చెయ్యాలె?"

అందరూ నవ్వుతున్నారని పెంచాను, అని అదే కాగితం మీద రాశాను.

చదివి, కాగితం మడత పెట్టింది.

"నవ్వితే నాకు ఇనబడదు కదన్నా."

ఆమె గచ్చిబౌలి వెళ్లాక కూడా, వచ్చిన క్లయింట్లకు చూపించడానికి తెర ఉంచమన్నారు. తర్వాతి మీటింగ్‌లో అంకెను ఒక సెకనుకు తగ్గించాను. మాటలు వెంటవెంటనే తప్పులతో వచ్చాయి, హాలంతా నవ్వింది. నేను ఆమె ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని, పెన్ను చప్పుడు కంటే ముందే తెరమీదకి వచ్చిన "ఎవరికైనా ప్రాబ్లమా?" అన్న ప్రశ్నను చదివాను.