అందరికీ గారు పెట్టిన అర్జీ

ఆ గుమాస్తా మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. మనిషి పోయాడని ఎవరో చెప్పారు. అయినా తగ్గలేదు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు కాబట్టి తిట్టను, జరిగింది చెబుతాను.

తొంభైల్లో మాట. అరకు హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ పాసై, టీచర్ ట్రైనింగులో సీటు తెచ్చుకున్నాను. మా ఊళ్లో అంతవరకూ వెళ్లిన ఆడపిల్లను నేనే. సోమవారం లోపల గిరిజన ధ్రువపత్రం చూపించకపోతే సీటు వెనకనున్నవాళ్లకు పోతుంది. పత్రం మీద సంతకం పై అధికారులదే అయినా, కాగితం కదలాల్సింది మా మండలాఫీసు నుంచి. అక్కడ అర్జీలు తీసుకునేది ఈ గుమాస్తా.

బుధవారం నాడు కొండ దిగి వెళ్లాను. ముందురోజు రాత్రే అర్జీ రాసి పెట్టుకున్నాను. మా నాన్న పక్కన కూర్చుని చెప్పాడు, ఏం రాయాలో. "ఆఫీసరూ, నువ్వు మా గుంటకి కాయితం ఇయ్యి, సదువుకుంటాది అని రాసీ" అన్నాడు. మా ఊరి మాటలో ఆడపిల్లంటే గుంట, ఎదురుగా ఒక్క మనిషి ఉంటే నువ్వే. తాతైనా నువ్వే, పూజారైనా నువ్వే, మాకు దేవతైనా నువ్వే. అందులో తక్కువ చేయడమనేది లేదు. నేను హాస్టల్ చదువు చదివినదాన్ని కనుక నువ్వు తీసేసి మీరు పెట్టాను. "ఎమ్మార్వో గారికి నమస్కారం. నాకు ట్రైనింగులో సీటు వచ్చింది. సోమవారం లోపల సర్టిఫికెట్ ఇవ్వండి" అని మామూలు మాటల్లో రాశాను. నాకు అది చాలా మర్యాదగానే కనిపించింది.

గుమాస్తా చదివి కాగితాన్ని బల్ల మీద నుంచి నా వైపు తోశాడు.

"ఇవ్వండి ఏమిటే? ఆర్డరేస్తున్నావా? పెద్దవాళ్లకు రాసే పద్ధతి ఇదేనా? ఇప్పించవలసిందిగా ప్రార్థన అని రాయడం తెలీదూ? పో, రాయడం నేర్చుకుని రా."

నన్ను నువ్వంటూ, ఏమే అంటూ, నాకు మర్యాద నేర్పాడు. నేను నోరు మూసుకుని వచ్చేశాను. నోరు మూసుకున్నందుకు నా మీద కూడా నాకు కోపమే.

ఆ రాత్రి పట్టుదల వచ్చింది. వాడికి కావలసింది మర్యాదే కదా, మోయలేనంత ఇస్తాననుకున్నాను. పాత తెలుగు వాచకంలో లేఖల పాఠాలు తీశాను. ఆఫీసు ముందు అర్జీలు రాసే ముసలాయన వాడే మాటలు కూడా కొన్ని గుర్తున్నాయి. "మహారాజశ్రీ మండల రెవెన్యూ అధికారి గారి దివ్య సముఖమునకు, మిక్కిలి వినయ విధేయతలతో వ్రాసుకొను విన్నపము ఏమనగా" అని మొదలుపెట్టాను. తమరి కరుణార్ద్ర దృష్టిని నాపై ప్రసరింపజేయాలన్నాను. చివర "ఇట్లు, తమ విధేయురాలు" అని చేవ్రాలు పెట్టాను. ఒక్క తప్పు లేదు. అందులో నా మాట కూడా ఒక్కటి లేదు.

గురువారం గుమాస్తా రెండుసార్లు చదివాడు. తర్వాత నన్ను కిందా పైనా చూశాడు.

"ఎవరు రాశారిది?"

"నేనేనండి."

"నువ్వా? కొండవాళ్లు రాసే తెలుగా ఇది? కిందనుంచి వచ్చి కొండలో కాపురం పెట్టి, దొంగ సర్టిఫికెట్లు అడిగేవాళ్లని చాలామందిని చూశాను. విచారణ జరగాలి."

అర్జీ మూలన ఎర్ర సిరాతో అదే రాసేశాడు. విచారణంటే నెలకు తక్కువ కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మామూలుగా రాస్తే మర్యాద తెలియని కొండదాన్ని, పద్ధతిగా రాస్తే కొండదాన్నే కాను. దారిపొడుగునా కాఫీ తోటల్లో నడుస్తూ ఏడ్చాను. ఏడుపు కన్నా ఎక్కువ పళ్లు కొరుక్కున్నాను.

శుక్రవారం మా నాన్న నాతో వచ్చాడు. పండగలకు తీసే తలపాగా చుట్టుకున్నాడు. నేరుగా గుమాస్తా బల్ల దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

"ఏరా, ఏం కావాలి నీకు?" అన్నాడు గుమాస్తా. మా నాన్న వయసులో అతనికన్నా ఇరవై ఏళ్లు పెద్ద.

"నువ్వేనేటి మా గుంట కొండది కాదన్నావు? మా ఊరు నువ్వు ఎప్పుడైనా వచ్చినావా? రా, మా ఇంట్లో అంబలి తాగి ఎల్దువుగాని. మా తాత నరికిన పోడు చూపిస్తాను నీకు."

ఆఫీసంతా పనాపి చూసింది. గుమాస్తా మొహం ఎర్రబడింది. "నువ్వా? నన్ను నువ్వంటాడా వీడు?" అని లేచాడు. నేను గభాలున అడ్డం వెళ్లి, "ఆయనకు తెలీదండీ, మా మాట అలాగే ఉంటుందండీ" అన్నాను.

గుమాస్తా కాసేపటికి కూర్చున్నాడు. కూర్చుని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

"సరే. అసలైన కొండవాళ్లే మీరు, అనుమానం లేదు. విచారణ కొట్టేస్తాను. కానీ ముందు క్షమాపణ రాయాలి. నేను చెబుతాను, నువ్వు రాయి. వాడు వేలిముద్ర వెయ్యాలి."

నేను కాగితం తీసుకున్నాను. అతను చెప్పాడు. "గౌరవనీయులైన మండల రెవెన్యూ అధికారి గారికి, గుమాస్తా గారికి. నా తండ్రి చదువు సంధ్యలు లేని మొరటు మనిషి. పెద్దలతో మాట్లాడే మర్యాద ఎరుగనివాడు. వాడు గుమాస్తా గారిని ఏకవచనంలో సంబోధించినందుకు తమరు పెద్దమనసుతో క్షమించ ప్రార్థన."

వాడు అన్నచోట నా కలం ఆగింది. ఆయన అని రాద్దామనుకున్నాను. గుమాస్తా నా చేతినే చూస్తున్నాడు. సోమవారం గుర్తొచ్చింది. వాడు అనే రాశాను.

నాన్న బొటనవేలికి సిరా రాసి ముద్ర వేశాడు. బయటికి వచ్చాక వేలు తలపాగా కొసకు తుడుచుకుంటూ అడిగాడు.

"ఏటి రాసినావమ్మా అంతసేపు?"

"నీ గురించే. మంచిగా రాశాను."

"మంచోడేలే ఆడు. నన్ను నువ్వనే అన్నాడు, సూసినావా, మనోళ్లలాగ" అన్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

పత్రం శనివారం వచ్చింది. సీటు దక్కింది. ఉద్యోగం వచ్చింది. ఏటా లేఖల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు చెబుతాను, ముక్కూమొహం తెలియనివాళ్లకు మీరు, పెద్దవాళ్లకు గారు, విషయం మామూలు తెలుగులో, అడిగేది సూటిగా, చివర కృతజ్ఞతలు, దివ్య సముఖాలు అక్కర్లేదు అని. మంచి పద్ధతే. పిల్లలు పేరు దగ్గర గారు మరిచిపోతే తిట్టను. కలం వాళ్ల చేతిలోనే ఉంచి, చేర్చమంటాను.

నాన్న పోయి ఏళ్లయింది. చదవడం రాదు కనుక ఆయనకు తెలియకుండానే పోయింది. ఆ రోజు నేను రాసిన కాగితంలో ఎమ్మార్వోకు గారు ఉంది, గుమాస్తాకు గారు ఉంది. వాడు అని ఉన్నది మా నాన్న ఒక్కడికే, అదీ నా దస్తూరీలో.