రుక్మమ్మపేట మునగలేదు

ఆ రోజు పూర్తిగా చదవకుండానే జవాబు చెప్పాను. గద్వాలలో పాత ఉర్దూ కాగితాలు చదివిపెట్టడం నా పని. ఒక ముసలి నేతన్న ముత్తాత ఇంటి కాగితం తెచ్చి, "రుక్మమ్మపేట యాడుంది సారూ? సచ్చేలోపు చూసొస్త" అన్నాడు.

అలసటతో, "శ్రీశైలం నీళ్లల్ల మునిగింది పెద్దాయనా" అన్నాను. ఆనవాలు దొరకని ప్రతి ఊరికీ మేం ఇక్కడ చెప్పే జవాబు అదే. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం, ఆ కాగితానికి నేను తీసిపెట్టుకున్న నకలు పూర్తిగా చదివాను. ఊరు జడ్చర్లకు ఐదు కోసుల, అంటే పది మైళ్ల దూరమని ఉంది. అక్కడికి కృష్ణ నీళ్లెలా వస్తాయి? పాత గెజిటీర్ చూస్తే, అది మహబూబ్‌నగర్‌కు, అంటే పాలమూరుకు, పాత పేరని తేలింది.

మరునాడు ఆయన మగ్గం దగ్గర కూర్చుని తప్పు ఒప్పుకున్నాను.

"మన పాలమూరేనా? కంటి దవాఖానకు నెలనెలా పోతనే ఉన్న గద! ఊరినే ముంచితివి సారూ."

ఆ వారమే ఆయన్ని బస్సులో తీసుకెళ్లి, పాత వీధులన్నీ వెంట ఉండి తిప్పాను.